‘పొరపాటు దొర్లినది’ అంటే కమిటీకి ఏం అర్థమవుతుంది?

ప్రశ్న: మేం కోనసీమ లంక గ్రామాల్లో తాగునీటి బోర్లలో నైట్రేట్ ఎంతుందో కొలిచి, ఆ ఇళ్ళవాళ్ళకు ఫలితాల చీటీలు ఇచ్చాం. వ్యాసం అచ్చయ్యాక చూసుకుంటే రెండో విడత అంకెల్లో యూనిట్ తేడా కనిపించింది. ఎథిక్స్ కమిటీకి తెలుగులో కూడా ఉత్తరం ఇవ్వమన్నారు. ‘గణాంకముల నందు పొరపాటు దొర్లినది. కొన్ని విలువలు మారినవి. అవి సరిచేయబడినవి’ అని రాశాను. ఇది మర్యాదగా ఉందా? ‘మేము తప్పుగా రాశాము’ అంటే నేరం ఒప్పుకున్నట్టు అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఉత్తరం నకలు, నోట్‌బుక్ పేజీ జతచేశాను.
— ఒక పరిశోధకురాలు, అమలాపురం

సమాధానం: వ్యాకరణం ప్రకారం మీ వాక్యాల్లో తప్పు పట్టడానికేమీ లేదు. ‘నందు’, ‘దొర్లినది’ లాంటివి పాత ఆఫీసు కాగితాల భాష. వాటిని ‘లో’, ‘దొర్లింది’ అని మార్చుకుంటే చదవడం తేలికవుతుంది, అంతే. అసలు చిక్కు వేరే ఉంది. మూడు వాక్యాలున్నాయి, మూడు క్రియలున్నాయి, కర్త మాత్రం ఒక్కచోటా లేడు.

తెలుగులో కర్త లేకపోయినా వాక్యం హాయిగా నిలబడుతుంది. గ్లాసు పగిలింది, పాలు పొంగిపోయాయి, తాళంచెవి పోయింది అంటాం. ఎవరు పగలగొట్టారు, ఎవరు పారేశారు అన్నది ఎదుటివాళ్ళు అడిగితే తప్ప బయటికి రాదు. అందుకు ‘బడు’ చేర్చి కర్మణి ప్రయోగం చేయనవసరం కూడా లేదు. పగులు–పగలగొట్టు, మారు–మార్చు, పడు–పడేయు అని మన క్రియలు జంటలుగా ఉంటాయి. అందులో మొదటిదాన్ని వాడితే చాలు, మనిషి పక్కకు తప్పుకుంటాడు. మాటల్లో ఇది మంచి సౌకర్యం. మీ ఉత్తరంలో మాత్రం, కమిటీ తెలుసుకోవాల్సిందంతా ఆ ఖాళీలోనే ఉండిపోయింది.

ఎవరు చదువుతారో ఒకసారి చూడండి. 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి కమిటీలో 7 నుంచి 15 మంది దాకా ఉంటారు. వాళ్ళలో న్యాయం తెలిసినవారు, సమాజశాస్త్రం తెలిసినవారు, వైద్య, ఆరోగ్య రంగాల్లో పనిచేయని సామాన్య వ్యక్తి కూడా ఉండాలి. మీ తెలుగు ఉత్తరం ముఖ్యంగా ఆ సామాన్య సభ్యుల కోసం. నైట్రేట్ గురించి ఏమీ తెలియని ఆ మనిషి చేతిలో మీ మూడు వాక్యాలు పెట్టి చూద్దాం.

మొదటిది ‘దొర్లినది’. ఈ మాటకు పత్రికల అలవాటు గట్టిగా అంటుకుంది. ‘నిన్నటి సంచికలో అచ్చుతప్పు దొర్లింది’ అని సవరణ పెట్టెలో చదివీ చదివీ, ఆ మాట వినగానే ప్రెస్సులో ఏదో జరిగిందనుకుంటాం. మీది అచ్చుతప్పు కాదు. మీరు పంపిన నోట్‌బుక్ పేజీలో సంగతి స్పష్టంగా ఉంది. మొదటి విడత కొలిచినప్పుడు పరికరం తెరమీద NO3 అని ఉంది, రెండో విడతకు ఎవరో సెట్టింగ్ మార్చడంతో NO3-N అని ఉంది. మొదటిది మొత్తం నైట్రేట్ బరువు, రెండోది అందులోని నైట్రోజన్ బరువు మాత్రమే. నైట్రేట్ బరువు 62 అయితే అందులో నైట్రోజన్ వాటా 14. అంటే తెరమీది అంకెను 4.43తో హెచ్చవేస్తేనే నైట్రేట్ వస్తుంది. మీవాళ్ళు హెచ్చవేయకుండా అదే గడిలో రాసేశారు. ఇది ల్యాబ్‌లో, చేత్తో, పెన్నుతో జరిగిన పని. దానికి ‘దొర్లు’ సరిపోదు, ‘రాశాము’ కావాలి.

రెండో వాక్యం నన్ను ఎక్కువ కంగారుపెట్టింది. ‘కొన్ని విలువలు మారినవి’ అంటే డెల్టాలో పుట్టి పెరిగిన మనిషికి నీళ్ళు మారాయనే అర్థమవుతుంది. మన దగ్గర నీళ్ళు నిజంగానే మారతాయి కదా. వేసవిలో కాలువలు కట్టేస్తే బోరు నీటి రుచి ఒక రకంగా ఉంటుంది, వరి చేలకు యూరియా చల్లి నాలుగు వానలు పడ్డాక ఇంకో రకం. ఇసుక నేలల్లో, తక్కువ లోతు ఫిల్టర్ పాయింట్లలో పైన చల్లింది కిందికి తొందరగా దిగుతుంది. అందుకని ఆ సభ్యులు ‘ఓహో, తర్వాత కొలిస్తే నీళ్ళలో తేడా వచ్చిందన్నమాట’ అనుకుని పేజీ తిప్పేస్తారు. ఆ ఊహకు మీ వాక్యంలో చోటుంది. నిజానికి నీళ్ళు మారలేదు, మీరు రాసిన అంకె తప్పు.

అది నీటి తేడా కాదని మీకు ఎలా తెలిసిందో ఉత్తరంలో లేదు, నోట్‌బుక్‌లో మాత్రం ఉంది. ఆ భాగం తప్పకుండా చేర్చండి. మళ్ళీ కొలిచినప్పుడు 12 ఉన్నచోట 53, 9 ఉన్నచోట 40, 6 ఉన్నచోట 27 వచ్చాయి. ప్రతి బోరులోనూ దాదాపు ఒకే నిష్పత్తి, నాలుగున్నరకు కాస్త తక్కువ. నీరే మారి ఉంటే ఒక బోరులో రెండింతలు, ఇంకో బోరులో కాస్తే పెరిగేది, మరోచోట తగ్గేది. అన్నిచోట్లా ఒకే లెక్కన పెరిగితే అది యూనిట్ తేడా. ఈ నాలుగు వాక్యాలు రాస్తే సామాన్య సభ్యులకు కూడా సందేహం ఉండదు.

మూడోది ‘సరిచేయబడినవి’. ఇది వినడానికి మంచిమాటే, కాని లాయర్ సభ్యులు వెంటనే అడుగుతారు: ఎవరు సరిచేశారు, ఎక్కడ? పాత అంకెలు చెరిపేసి కొత్తవి రాశారా? మీ పేజీలో పాత అంకెలు చెరిపేయలేదు. ఒక్క గీత కొట్టి, పక్కన కొత్త అంకె, పొట్టి సంతకం, తేదీ ఉన్నాయి. చేయాల్సిన పద్ధతి అదే. అలాంటప్పుడు ‘బడు’ పెట్టి మీరు చేసిన మంచి పనిని మీరే దాచుకోవడం ఎందుకు? ‘పాత అంకెలను అలాగే ఉంచి, పక్కన సవరించిన అంకెలు రాశాము’ అనండి.

ఇక నేరం ఒప్పుకున్నట్టా అన్న భయం. పరిశోధనలో దుష్ప్రవర్తన అంటే లేని అంకెలు కల్పించడం, ఉన్న అంకెలను కావాలని తారుమారు చేయడం, ఇతరుల రాతను తనదిగా చూపించడం. తెలియక జరిగిన పొరపాటును ఆ కోవలోంచి మినహాయించే పద్ధతి ఉంది. ‘తప్పుగా రాశాము’ అన్నంత మాత్రాన మీరు ఆ గీత దాటినట్టు కాదు. నిజానికి కర్త లేని వాక్యమే అనుమానానికి తావిస్తుంది. ఎవరో ఏదో దాస్తున్నారనిపిస్తుంది. మర్యాద సంగతంటారా, మన గోదావరి జిల్లాల్లో మర్యాదంతా ‘అండి’లోనే ఉంటుంది. ఉత్తరంలో ‘గౌరవనీయులైన అధ్యక్షులకు’ అన్న సంబోధన, ‘చేయగలరని కోరుతున్నాము’ అన్న ముగింపు ఆ పని చేస్తాయి. క్రియను బలహీనం చేస్తే అదనంగా వచ్చే మర్యాదేమీ లేదు.

సర్వనామం దగ్గరా కొంచెం జాగ్రత్త కావాలి. రెండో పేరాలో ‘మన అధ్యయనంలో’ అని రాశారు. ఇంటిమాటలా ఆప్యాయంగానే ఉంది, కాని ‘మన’ అనగానే ఎదుటివాళ్ళు కూడా అందులో చేరిపోతారు. ఆ అధ్యయనానికి అనుమతి ఇచ్చిన కమిటీని పొరపాటులో భాగస్వాములను చేసినట్టవుతుంది. ‘మా’ అనాలి. అలాగే ‘మేము’ అన్నచోటల్లా నిజంగా బృందమంతా చేసిన పనేనా చూసుకోండి. సెట్టింగ్ ఎవరు మార్చారో తెలియకపోతే ‘ఎవరు మార్చారో నిర్ధారించలేకపోయాము’ అనాలి. పంపేముందు అంకెలు సరిచూడాల్సింది మీరే కాబట్టి అక్కడ ‘నేను’ అనే రాయండి. ల్యాబ్ సహాయకుల పేరు మీద తోసేస్తే చదివేవాళ్ళకు ఇట్టే తెలుస్తుంది.

ఇవన్నీ కలిపితే మధ్య పేరా ఇలా ఉండవచ్చు:

*‘మా అధ్యయనంలో రెండో విడత నీటి నమూనాలను కొలిచినప్పుడు పరికరం నైట్రేట్‌ను నైట్రోజన్ లెక్కలో చూపించింది. మేము ఆ అంకెలను మార్చకుండా నైట్రేట్ గడిలో రాశాము. వ్యాసం పంపేముందు నేను ఈ తేడాను గమనించలేదు. అందువల్ల ఆ విడత బోర్లన్నిటికీ నైట్రేట్‌ను అసలు అంకెలో నాలుగో వంతుకన్నా తక్కువగా ప్రచురించాము. మళ్ళీ కొలిచి నిర్ధారించుకున్నాము. పాత, సవరించిన అంకెల పట్టికను జతచేశాము. పత్రిక సంపాదకులకు కూడా ఇదే రోజు తెలియజేస్తున్నాము.’*

చివరి వాక్యం గురించి ఒక్క మాట. అచ్చయిన వ్యాసానికి సవరణ వేయాలా, వ్యాసాన్నే ఉపసంహరించాలా అన్నది సంపాదకులు చూసుకునే విషయం. వ్యాసం తేల్చిన సంగతులు నిలబడితే సవరణ, నిలబడకపోతే ఉపసంహరణ. కమిటీ చూసేది మీకు నీళ్ళిచ్చిన ఇళ్ళవాళ్ళను. మీ ఉత్తరంలో వాళ్ళ ప్రస్తావన ఆఖరి పేరాలో, అర వాక్యంలో ఉంది. దాన్ని పైకి తీసుకురండి.

మన దేశంలో తాగునీటికి నైట్రేట్ హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. మీ రెండో విడత చీటీల్లో 10 లోపు అంకె ఉన్న ఇళ్ళకు, హెచ్చవేశాక కూడా హద్దు దాటదు. 10.2 నుంచి 45 మధ్య అంకె ఉన్న ఇళ్ళ పరిస్థితి వేరు. వాళ్ళకు మీరు ‘ఈ నీరు తాగవచ్చు’ అని చీటీ ఇచ్చారు, అది తప్పు. 12 అని రాసి ఇచ్చిన ఇంట్లో అసలు అంకె 53. అందుకే ‘కొన్ని ఇళ్ళు’ అనకుండా ఎన్ని ఇళ్ళో, వాటిలో ఆరునెలల లోపు పిల్లలున్నవి ఎన్నో రాయాలి. పాలపొడిని ఆ నీళ్ళతో కలిపి పట్టే పసిపిల్లలకే ప్రమాదం ఎక్కువ. నైట్రేట్ వల్ల రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గి ఒళ్ళు నీలంగా మారుతుంది.

ఆ ఇళ్ళకు చెప్పడానికి కమిటీ సమావేశం దాకా ఆగాలా అని ఉత్తరం చివర అడిగారు. వెంటనే హాని కలిగే వీలున్నచోట ముందు చెప్పి, చెప్పిన సంగతి కమిటీకి తెలియజేయడం అంగీకరించిన పద్ధతే. పసిపిల్లలున్న ఇళ్ళకు ఈ వారమే వెళ్ళండి. మిగతా ఇళ్ళకు ఇచ్చే కొత్త చీటీని మాత్రం కమిటీ ఆమోదానికి పెట్టండి.

కొత్త చీటీలో ‘వచ్చు’ వాడకండి. అది అనుమతికీ, అనుమానానికీ రెండింటికీ చెల్లుతుంది. ‘తాగవచ్చు’ అంటే తాగమని, ‘ఉండవచ్చు’ అంటే ఏమో తెలియదని. ‘మేము ఇంతకుముందు ఇచ్చిన చీటీలో అంకె తప్పు. మీ బోరు నీటిలో నైట్రేట్ హద్దుకంటే ఎక్కువ ఉంది. పసిపిల్లల పాలలో ఈ నీళ్ళు కలపకండి’ అని సూటిగా రాయండి. దాని కింద ఇంకో వాక్యం తప్పనిసరి, ఎందుకంటే మన ఇళ్ళలో అందరూ ముందు చేసేది అదే: ‘మరగబెట్టినా నైట్రేట్ పోదు. నీరు ఆవిరై, మిగిలిన నీళ్ళలో ఇంకా చిక్కబడుతుంది.’