ఆఫర్ లెటర్ నాన్నకు చూపించావా?

మేడమ్, నాకు హైదరాబాద్‌లో 9 లక్షల ప్యాకేజీతో ఉద్యోగం వచ్చింది. నాతో చదివిన స్నేహితుడికి బెంగళూరులో 12 లక్షలు. ఇద్దరం లెటర్లు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. వాడికి చెప్పే రెండూ పంపుతున్నాను. మా నాన్న ఆర్టీసీ కండక్టరు. వాడి ప్యాకేజీ విన్నప్పటి నుంచి ముభావంగా ఉంటున్నారు. ఆయనకు అంకె చెప్పాను, అంతే. నాకూ 12కి పెంచారని చెప్పేస్తే తప్పా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

తప్పే. మొదటి జీతం పడగానే బయటపడే అబద్ధం అది. ఆ మాట ఇక్కడితో వదిలెయ్.

మీరిద్దరూ చూసింది పై వరుస ఒక్కటే బాబూ. చివరి పేజీలో పట్టిక ఉంది, చూడు. మీవాడి 12 లక్షల్లో లక్షన్నర జాయినింగ్ బోనస్. అది మొదటి ఏడాదికే, పైగా ఏడాది నిండకుండా మానేస్తే తిరిగి కట్టాలని కింద రాశారు. లక్షా 80 వేలు వేరియబుల్ పే. కంపెనీ లాభాలూ అతని రేటింగూ చూసి ఏడాది చివర ఇస్తారు, ఎంతన్నది ఎవరూ మాటివ్వలేదు. కంపెనీ వంతు పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ ప్రీమియం కలిపి మరో 90 వేలు. పీఎఫ్ అతని డబ్బే గానీ ఇప్పుడు చేతికి రాదు. గ్రాట్యుటీ కావాలంటే ఐదేళ్లు అక్కడే ఉండాలి.

ఇవన్నీ పక్కన పెడితే నెలకు 65 వేలు. తన వంతు పీఎఫ్ 4,200, వృత్తి పన్ను 200 పోతే చేతికొచ్చేది 60,600. నీ లెటర్లో బోనసూ లేదు, వేరియబులూ లేదు. కంపెనీ వంతు పీఎఫ్ లాంటివి పక్కన పెడితే నెలకు 67 వేలు, కోతలు పోను 62,480. వేరియబుల్ మొత్తం వస్తే అతనిదే పైచేయి, నిజమే. కానీ బెంగళూరులో పీజీ డబ్బులు నెలనెలా కట్టాలి, అది వచ్చేదాకా ఆగవు. నువ్వు ఇంట్లో తిని ఆఫీసుకు వెళ్తావు.

ఈ లెక్క నా దాకా రావాల్సిన పనే లేదు. మీ నాన్నగారు ఏళ్ల తరబడి పే స్లిప్ పట్టుకుని గ్రాస్ ఎంత, నెట్ ఎంత, పీఎఫ్‌కెంత, సొసైటీ లోనుకెంత కోశారని చూసుకున్న మనిషి. ఆయనకు నువ్వు ఒక్క అంకె చెప్పి ఊరుకున్నావు. పక్కింటి అంకెతో పోల్చుకోక ఆయన ఇంకేం చేస్తారు? నాకు మీ ఇంట్లో కనిపిస్తున్న అసలు ఇబ్బంది 3 లక్షల తేడా కాదు. జీతం సంగతి తండ్రితో కూర్చుని మాట్లాడే అలవాటు నీకు లేదు. చదివించిన తండ్రికి ఆ కాగితం చూసే హక్కుందని నేను గట్టిగా నమ్ముతాను.

డ్యూటీ దిగి, భోజనం చేశాక, చుట్టాలెవరూ లేనప్పుడు రెండు లెటర్లూ ఆయన ముందు పెట్టు. ఇంగ్లీషులో ఉన్నది నువ్వు చదివి చెప్పు, కూడికలూ తీసివేతలూ ఆయన్నే చేయనివ్వు. మీవాణ్ని మాత్రం సంతకం పెట్టేలోపే హెచ్ఆర్‌కి మెయిల్ రాయమను: కిందటేడు వేరియబుల్ ఎంత శాతం ఇచ్చారని అడగాలి.