సీనియర్ల గొడవ తేల్చాలంటే ముందు బిల్లులు తీయండి

"బెంగళూరు మారతహళ్ళిలో మాది ఆరు కుర్చీల సెలూన్. ఇద్దరు సీనియర్లకి నెలన్నరగా పడట్లేదు. కస్టమర్ల ముందే ఒకరినొకరు దెప్పుకుంటున్నారు, పాతవాళ్ళు ఇద్దరు రావడం మానేశారు. వీళ్ళలో ఎవర్నీ వదులుకోలేను. ఎలా తేల్చాలి?"

ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయబోకండి, అది తర్వాత. ముందు గత రెండు నెలల బిల్లులు తీసి, ఎవరి పాత కస్టమర్‌కి ఇంకెవరు పని చేశారో ఆ బిల్లులన్నీ పక్కన పెట్టండి. సీనియర్ల మధ్య గొడవ దాదాపు ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది.

ఎలాగంటే, ఆ ఇద్దరు సీనియర్లని అక్క, అన్న అనుకుందాం. అక్క దగ్గర ఎప్పుడూ రూట్ టచప్ చేయించుకునే కస్టమర్ వచ్చింది. అక్క సెలవు. అన్న చేశాడు. ఏ షేడ్ వాడతారో ఎక్కడా రాసి లేదు, అక్క ఫోన్లో ఉంది. అన్న కంటి అంచనాతో 4వ నంబర్ కలిపాడు, అక్క వాడేది 5. కొత్తగా పెరిగిన సెంటీమీటరు నల్లగా, కింది జుట్టు గోధుమరంగులో, మధ్యలో గీత గీసినట్టు కనిపించింది. వారానికి ఆమె తిరిగొచ్చింది. అక్క ఆ పాయ పైకెత్తి అద్దంలో చూపిస్తూ "ఇదెవరు చేశారండీ?" అంది. పక్క కుర్చీ దగ్గర అన్న కత్తెర ఆగింది.

ఇక్కడ డబ్బు లెక్క చూడండి. బిల్లు 2,000, ఇన్సెంటివ్ పది శాతం అనుకుంటే అన్నకి 200 వచ్చాయి. వేసిన రంగు మీద లేత రంగు వేసినంత మాత్రాన ముదురు రంగు తేలికవదు. ముందు రిమూవర్‌తో లాగాలి, తర్వాత మళ్ళీ షేడ్ వేయాలి. అక్క రెండు గంటలు ఆ పని చేసింది. మళ్ళీ చేసిన పని, అంటే రీడూ కాబట్టి బిల్లు సున్నా, ఆమె ఇన్సెంటివ్ కూడా సున్నా. ఆమె కోపం అన్న మీద కనిపిస్తుంది గానీ ఆ లెక్క పెట్టింది ఓనరు. చాలామంది ఓనర్లు ఈ మాట ఒప్పుకోరు, స్టాఫ్‌కి పొగరు అంటారు.

ఇప్పుడు మంగళవారం పొద్దున, షాపు తెరవడానికి అరగంట ముందు, ఒక్కొక్కరినీ విడిగా పిలవండి. మంగళవారం మనవాళ్ళు జుట్టు ముట్టరు కాబట్టి పని పలచగా ఉంటుంది. శనాదివారాల్లో ఈ పని పెట్టుకోకండి. "నీకేం బాధ?" అని అడిగితే అవతలివాళ్ళ గుణగణాలు చెబుతారు. "ఏ కస్టమర్, ఏ రోజు, ఏ బిల్లు?" అని అడగండి. వాళ్ళు చెప్పిన ప్రతి పేరూ బిల్లుతో సరిచూడండి. ఇద్దరూ చెప్పిన వాటిలో రెండు మూడు బిల్లులు ఒకటే అవుతాయి. గొడవకి మూలం అవే.

తర్వాత ఇద్దర్నీ కలిపి పది నిమిషాలు చాలు. క్షమాపణలు అడిగించకండి. ఆ బిల్లులు బల్ల మీద పెట్టి మీ నిర్ణయం చెప్పండి. మొదటిది, రీడూ చేసినవాళ్ళకి ఆ ఇన్సెంటివ్ షాపు ఇస్తుంది, మొదటివాళ్ళ దగ్గర కోయదు. కోస్తే రేపట్నుంచి పొరపాట్లు దాచేస్తారు, కస్టమర్ ఇంటికెళ్ళాక బయటపడతాయి. ఆ అక్కకి రావాల్సిన 200 అప్పుడే చేతిలో పెట్టండి.

రెండోది, కలర్ కార్డు. షేడ్ నంబర్లు, రంగులో కలిపే డెవలపర్ ఎంత వాల్యూమ్, ఎన్ని గ్రాములకి ఎన్ని గ్రాములు కలిపారు, ఎంతసేపు ఉంచారు, ఈ నాలుగూ రాసి కార్డు కౌంటర్లో ఇస్తేనే బిల్లు కొట్టండి. తర్వాత రాస్తామంటే ఎవరూ రాయరు. సీనియర్లు మొదట ఒప్పుకోరు, ఫార్ములా వాళ్ళ ఆస్తి అనుకుంటారు. "పేరు పెట్టి అడిగిన కస్టమర్ అడిగినవాళ్ళకే, వాక్-ఇన్ మాత్రం వరసలో" అని అదే రోజు రాసి గోడకి అంటిస్తే కస్టమర్లు చేజారతారన్న భయం తగ్గుతుంది.

మూడోది, అవతలివాళ్ళ పని గురించి మాట్లాడాలంటే రంగు కలిపే గదిలోనే. కుర్చీ దగ్గర అనాల్సింది ఒక్కటే: "కొంచెం సరిచేయాలండీ, చేసేస్తాను." తెలుగులో గొణుక్కుంటే అర్థం కాదులే అనుకోకండి. మారతహళ్ళిలో కుర్చీలో కూర్చున్నది నెల్లూరో కర్నూలో అయి ఉంటుంది.

వాట్సాప్ గ్రూపులో "సీనియర్లు పద్ధతిగా ఉండాలి" అని పెట్టడం, ఇద్దరిలో ఒకరిని మేనేజర్ చేయడం, హెల్పర్ పిల్లలతో కబుర్లు పంపడం, ఈ మూడూ గొడవని షాపంతా పాకిస్తాయి. రావడం మానేసిన ఇద్దరికీ ఫోన్ మీరే చేయండి. కారణాలు చెప్పకుండా, ఫలానా రోజు ఫలానావాళ్ళు చేస్తారని అపాయింట్‌మెంట్ ఇవ్వండి.

తగ్గిందో లేదో హెల్పర్లని చూస్తే తెలుస్తుంది. అక్క హెల్పర్ పిల్ల అన్న కస్టమర్‌కి బ్యాక్‌వాష్‌లో తల కడుగుతుంటే తగ్గినట్టే. నాలుగు వారాలైనా ఒకరు కార్డు ఖాళీగా ఇస్తున్నా, కస్టమర్లకి సొంత నంబర్ ఇచ్చి బయటికి పిలుస్తున్నా అది గొడవ కాదు, వెళ్ళిపోవడానికి సిద్ధపడటం. అప్పుడు రాతపూర్వకంగా వార్నింగ్ ఇచ్చి, ఆ కస్టమర్లని రెండోవాళ్ళకి పరిచయం చేయడం మొదలుపెట్టండి.