ఫార్ములా వచ్చినా ఆన్సర్ రాలేదంటే, నోడ్ దగ్గర మొదలుపెట్టు

ప్రశ్న: సార్, మాది గాజువాక. ఈసీఈ ఫైనలియర్ చదువుతున్నాను. ఇన్‌స్ట్రుమెంటేషన్ ఉద్యోగం ఇంటర్వ్యూలో డిఫరెన్స్ ఆంప్లిఫైయర్ గీసి, నాలుగు రెసిస్టర్లలో ఒకదాని విలువ మార్చి అవుట్‌పుట్ ఎంతని అడిగారు. ఫార్ములా వచ్చు, అయినా చెప్పలేకపోయాను. ఇంట్లో కోర్ వదిలేసి సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటున్నారు. ఏం చెయ్యను?

జవాబు: ఈ ఒక్క ప్రశ్నకి కోర్ వదిలెయ్యక్కర్లేదమ్మా. నీకు వచ్చిన ఫార్ములా రెసిస్టర్ల నిష్పత్తులు రెండు పక్కలా సమానంగా ఉన్నప్పుడే పనిచేస్తుంది, వాళ్లు కావాలనే ఆ సమానత్వాన్ని చెడగొట్టారు. స్టీల్ ప్లాంట్‌లో గానీ రిఫైనరీలో గానీ పోర్టు దగ్గర కాటాల్లో గానీ ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లకి ఎదురయ్యేది ఇలా చెడిన సర్క్యూటే కాబట్టి, ఆ ప్రశ్న న్యాయమైనదే అంటాను. గేట్ రాసినా అంతే, న్యూమరికల్ ఆన్సర్ ప్రశ్నలకి ఆప్షన్లే ఉండవు, ఫార్ములా చూసి దగ్గరగా ఉన్నది టిక్ పెట్టే వీలు లేదు.

బట్టీ పట్టాల్సింది రెండే. ఆప్ ఆంప్ ఇన్‌పుట్ టెర్మినల్స్‌లోకి కరెంట్ వెళ్లదు, ఆ రెండు టెర్మినల్స్ ఒకే వోల్టేజ్ దగ్గర ఉంటాయి. రెండోది ఎప్పుడూ నిజం కాదు, నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఉండి, అవుట్‌పుట్ సప్లై అంచుకి తగలకుండా ఉంటేనే. ఇక ఈక్వేషన్ ఎక్కడ రాయాలంటే, మైనస్ టెర్మినల్ నోడ్ దగ్గర. చాలామంది అవుట్‌పుట్ నోడ్ దగ్గర రాసి ఇరుక్కుపోతారు, ఎందుకంటే అక్కడ ఆప్ ఆంప్ తనంతట తాను ఎంత కరెంట్ ఇస్తోందో మనకి తెలీదు.

ముందు సమ్మింగ్ ఆంప్లిఫైయర్ చూడు. మైనస్ నోడ్ వోల్టేజ్‌ని Va అనుకుంటే, రెండు ఇన్‌పుట్‌ల నుంచి లోపలికొచ్చిన కరెంట్ అంతా Rf గుండా పోవాలి.

```
(V1 - Va)/R1 + (V2 - Va)/R2 = (Va - Vo)/Rf
```

ప్లస్ టెర్మినల్ గ్రౌండ్‌కి కట్టి ఉంది కాబట్టి Va = 0. అది పెట్టగానే వచ్చేది ఇది:

```
Vo = -Rf*(V1/R1 + V2/R2)
```

R1 10 కిలో ఓమ్‌లు, R2, Rf చెరో 20 కిలో ఓమ్‌లు, V1 = 1 వోల్ట్, V2 = 2 వోల్ట్‌లు అయితే అవుట్‌పుట్ -4 వోల్ట్‌లు. ఇప్పుడు V2 వైరు పీకేస్తే ఎంత, అదే వైరుని గ్రౌండ్‌కి కలిపితే ఎంత అని అడుగుతారు. రెండింటికీ -2 వోల్ట్‌లే. పీకేస్తే ఆ దారిలో కరెంట్ లేదు, గ్రౌండ్‌కి కలిపితే R2కి రెండు చివర్లా సున్నా వోల్టేజే కాబట్టి అప్పుడూ కరెంట్ లేదు. ఫార్ములా మాత్రమే వచ్చినవాళ్లు వైరు పీకేసిన కేసు దగ్గర తడబడతారు, అక్కడ V2 బదులు ఏం వెయ్యాలో ఫార్ములా చెప్పదు మరి.

డిఫరెన్స్ ఆంప్లిఫైయర్‌కి వచ్చేసరికి జనం చేసే పొరపాటు ఏంటంటే, సమ్మింగ్‌లో అలవాటైన Va = 0 ని ఇక్కడా పెట్టేయడం. ఇక్కడ ప్లస్ టెర్మినల్ గ్రౌండ్‌లో లేదు. R3, R4 కలిసి V2ని పంచుతాయి, ఆ పంచగా వచ్చిన వోల్టేజే Va. V1 నుంచి మైనస్ టెర్మినల్‌కి R1, అక్కడి నుంచి అవుట్‌పుట్‌కి R2, V2 నుంచి ప్లస్ టెర్మినల్‌కి R3, అక్కడి నుంచి గ్రౌండ్‌కి R4 అనుకుని రాయి.

```
Va = V2*R4/(R3 + R4)
(V1 - Va)/R1 = (Va - Vo)/R2
Vo = Va*(1 + R2/R1) - V1*(R2/R1)
```

ఇక్కడిదాకా ఏ రెసిస్టర్ దేనికీ సమానమని అనుకోలేదు చూడు. R4/R3, R2/R1 సమానమైతేనే ఇది నీకు తెలిసిన (R2/R1)*(V2 - V1) గా మారుతుంది. వాళ్లు ఒక విలువ మార్చినా నాలుగూ మార్చినా మూడో లైన్ నుంచి మొదలుపెట్టొచ్చు.

ఇప్పుడు లారీ కాటా తీసుకుందాం. లోడ్ సెల్ బ్రిడ్జికి 10 వోల్ట్‌లు ఇస్తే, బరువు లేనప్పుడు దాని రెండు అవుట్‌పుట్ వైర్లూ చెరో 5 వోల్ట్‌ల దగ్గర ఉంటాయి. బరువు పడితే ఒకటి 5.005కి, ఇంకోటి 4.995కి జరిగిందనుకో, తేడా 10 మిల్లీవోల్ట్‌లు. R1, R3 చెరో 10 కిలో ఓమ్‌లు, R2, R4 చెరో 100 కిలో ఓమ్‌లు అయితే గెయిన్ 10, అవుట్‌పుట్ 100 మిల్లీవోల్ట్‌లు రావాలి. కానీ R4 ఒక్కటి 99 కిలో ఓమ్‌లే ఉంది, ఒక శాతం టాలరెన్స్ రెసిస్టర్‌లో అది మామూలే.

```
Vo = V2*(99/109)*11 - 10*V1
   = 9.9908*V2 - 10*V1
```

కాటా మీద ఏమీ లేనప్పుడు రెండింట్లోనూ 5 వెయ్యి, సున్నా రావాల్సిన చోట దాదాపు -46 మిల్లీవోల్ట్‌లు వస్తుంది. బరువు పెట్టాక 100 బదులు 54 వస్తుంది. ఒక్క రెసిస్టర్‌లో ఒక శాతం తేడాకి సిగ్నల్‌లో దాదాపు సగం పోయింది, నాకైతే ఈ ఒక్క లెక్క చెయ్యగలిగితే చాలనిపిస్తుంది. జీరో సర్దేస్తే పోతుంది కదా అంటావేమో, కొంతవరకు పోతుంది, కానీ బ్రిడ్జికి ఇచ్చే 10 వోల్ట్‌లు కాస్త కదిలినా, వేడికి రెసిస్టర్ల నిష్పత్తి మారినా ఆ జీరో మళ్లీ జరుగుతుంది. అందుకే ఇలాంటి పనికి నిష్పత్తులు ముందే సరిపోల్చిన ఇన్‌స్ట్రుమెంటేషన్ ఆంప్లిఫైయర్ చిప్ వాడతారు.

దీన్ని బ్రెడ్‌బోర్డ్ మీద చూడటం కష్టం కాదు. 741 ఒకటి, ప్లస్ మైనస్ 15 వోల్ట్‌ల సప్లై, పైన చెప్పిన రెసిస్టర్లు చాలు, కాలేజీ ల్యాబ్‌లో అడిగితే ఇస్తారు. రెండు ఇన్‌పుట్‌లూ కలిపేసి 5 వోల్ట్‌లు ఇచ్చి అవుట్‌పుట్ కొలువు. తర్వాత ఆ కలిపిన ఇన్‌పుట్‌లని సున్నాకి దించి మళ్లీ కొలువు, ఎందుకంటే 741కి తన సొంత ఆఫ్‌సెట్ ఉంటుంది, ఈ రెండు కొలతల తేడానే రెసిస్టర్ల పాపం. లెక్కకీ కొలతకీ అస్సలు పొంతన లేకపోతే మల్టీమీటర్‌ని ప్లస్, మైనస్ టెర్మినల్స్ మధ్య పెట్టు. అక్కడ వోల్ట్‌లలో తేడా కనిపిస్తే అవుట్‌పుట్ అంచుకి తగిలింది, లేదా ఫీడ్‌బ్యాక్ వైరు ఊడింది. అప్పుడు మన రెండో నియమమే చెల్లదు, ఈక్వేషన్‌ని తిట్టి లాభం లేదు.

ఇంట్లోవాళ్లకి రెండు నెలలు టైమ్ అడుగు. సాఫ్ట్‌వేర్ కోర్సు తర్వాత కూడా చేరొచ్చు, ఫీజు కట్టేశాక వెనక్కి రావడమే కష్టం. ఈ రెండు నెలల్లో ఒక పని చెయ్యి, పుస్తకం మూసి ఈ రెండు సర్క్యూట్‌లనీ మైనస్ నోడ్ నుంచి రాయి, తర్వాత V1 వైపు 1 కిలో ఓమ్ సోర్స్ రెసిస్టెన్స్ ఉందనుకుని మళ్లీ రాయి. అది R1కి కలిసి 11 కిలో ఓమ్‌లు అవుతుంది, కిందివైపు R3 మాత్రం పదే ఉంటుంది, R4 మళ్లీ సరిగ్గా వందే అనుకో. రెండు ఇన్‌పుట్‌లకీ 5 వోల్ట్‌లు ఇస్తే ఎంతొస్తుందో చూడు. దాదాపు 0.41 వోల్ట్ రావాలి. నువ్వు వేసిన దాంట్లో వేరే సంఖ్య వస్తే ఆ కాగితం ఫొటో తీసి పంపు, ఏ లైన్‌లో తప్పిందో చెప్తాను.