పాడ్‌కాస్ట్‌కు పంపే పరిచయం ఎలా రాయాలి: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నిన్ను పాడ్‌కాస్ట్‌కు అతిథిగా పిలిచారనీ, రికార్డింగుకు ముందు నీ పరిచయం రాసి పంపమన్నారనీ తెలిసి సంతోషించాను. నీవు పంపిన చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. అందులో ఒక్క అబద్ధం లేదు, అయినా అది ఆ ఎపిసోడ్‌కు పనికిరాదు. రేడియోలో ఏళ్ల తరబడి అతిథులను శ్రోతలకు పరిచయం చేసినవాడిని, ఇప్పుడు మిత్రుల పాడ్‌కాస్ట్‌కు సాయం చేస్తున్నవాడిని కనుక, అవతలివైపు కూర్చున్న మనిషికి ఆ కాగితంలో ఏమి కావాలో నాకు కొంత తెలుసు. అది నీకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

హోస్ట్ నీ పరిచయాన్ని మూడు పనులకు వాడుకుంటారు. మొదట దాన్ని చదివి ప్రశ్నలు తయారుచేసుకుంటారు, తరువాత ఎపిసోడ్ ఆరంభంలో పైకి చదువుతారు, చివరకు ఎపిసోడ్ కింద వివరాల్లో పెడతారు. ఇందులో నీవు గమనించవలసిన సంగతి ఒకటుంది. చాలామంది హోస్టులు ఆరంభ పరిచయాన్ని సంభాషణతో పాటు కాక, ఎడిటింగు అయిపోయిన తరువాత ఒంటరిగా కూర్చుని రికార్డు చేసుకుంటారు. అప్పుడు నీవు పక్కన ఉండవు. ఊరి పేరు తప్పు పలికినా, చేయని పని నీకు అంటగట్టినా, సరిదిద్దే అవకాశం నీకు ఉండదు. కాబట్టి వారి నోట ఏమి రావాలని నీవు కోరుకుంటావో, అచ్చం అలాగే రాసి ఇవ్వాలి.

ఇక నీ చిత్తుప్రతి సంగతి. అది నీ ఉద్యోగ దరఖాస్తులో నుంచి తీసిన పేరా అని చూడగానే తెలుస్తోంది. డిగ్రీలు, సదస్సుల్లో చదివిన పత్రాలు, పురస్కారం, ఆ తరువాత భూగర్భజలాలు, రిమోట్ సెన్సింగ్, వాతావరణ మార్పు, నీటి విధానాలు అంటూ ఆసక్తుల వరుస. ఉద్యోగం ఇచ్చేవారికి నీ అర్హత తేల్చుకోవాలి కనుక అవన్నీ వారికి అవసరం. హోస్ట్ నీ అర్హతను తేల్చుకున్న తరువాతే నిన్ను పిలిచారు. ఇప్పుడు వారి ముందున్నది వేరే పని: చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బస్సులో వెళుతున్న శ్రోత ఈ మనిషి మాట వినాలని మొదటి నిమిషంలోనే అనుకునేలా చేయాలి.

అందుకు నీవు మొదట చేయవలసింది, వారు పంపిన ఎపిసోడ్ అంశాన్ని యథాతథంగా కాగితం పైభాగాన రాసుకోవడం. నీకు వచ్చిన మెయిల్‌లో ‘చెరువు నిండినా బోరెందుకు ఎండుతోంది?’ అని ఉంది. దాని కింద, ఈ ప్రశ్నకు సంబంధించి నీవు స్వయంగా చూసినవి, కొలిచినవి, నీ ఇంట్లో జరిగినవి మాత్రమే రాసుకో. చదివి తెలుసుకున్నవి వద్దు. నాకు తెలిసినంతవరకు ఆ జాబితాలో మూడే సంగతులు గట్టిగా నిలుస్తాయి. రెండు పాత చెరువుల కింద నెలనెలా బావుల్లోనూ బోర్లలోనూ నీటిమట్టం కొలిచావు. చెరువు నిండాక తూము దిగువన ఉన్న తవ్వుడు బావుల్లో నీరు పైకి వచ్చిందనీ, అదే పొలాల్లోని కొన్ని లోతైన బోర్లలో మాత్రం మార్పు కనబడలేదనీ గమనించావు. మూడోది, బావగారి పొలంలో వేసిన మూడు బోర్లలో రెండు వట్టిపోయాయి. మీ నాన్నగారిని అడిగి, ఆయన సరేనంటేనే ఈ మూడో సంగతి రాయి.

ఆ మూడింటితో నేను రాసి చూసిన పరిచయం ఇది. నీ పేరు రావలసిన చోట చుక్కలు పెట్టాను.

‘……గారు భూగర్భజల పరిశోధకురాలు. వరంగల్ ప్రాంతంలో కాకతీయుల నాటి రెండు చెరువుల కింద, 2021 నుంచి 2024 వరకు, ప్రతి నెలా బావుల్లోనూ బోర్లలోనూ నీటిమట్టం కొలిచారు. చెరువు నిండితే బావిలోకి వచ్చిన నీరు, పక్కనే ఉన్న లోతు బోరుకు ఎందుకు అందలేదన్నదే ఆమె పరిశోధన. వాళ్ల నాన్నగారి పొలంలోనే మూడు బోర్లలో రెండు వట్టిపోయాయి. చెరువు నిండితే బోర్లకు నీళ్లొస్తాయా అన్న ప్రశ్నకు తను చూసిన రెండు చెరువుల్లో రెండు వేరువేరు జవాబులు దొరికాయని ఆమె అంటారు.’

ఇందులో ప్రతి వాక్యమూ హోస్ట్‌కు ఒక ప్రశ్నను అందిస్తుందో లేదో చూడు. రెండో వాక్యం చదివినవారు ఎలా కొలుస్తారని అడుగుతారు. మూడో వాక్యం చదివినవారు అందకపోవడానికి కారణమేమిటని అడుగుతారు. అప్పుడు నీవు పైనున్న మెత్తబడిన రాతిపొర గురించి, దాని కిందనున్న గట్టి గ్రానైటు గురించి, లోతు బోరుకు నీళ్లిచ్చే పగుళ్లకు చెరువు అడుగుతో సంబంధం ఉండవచ్చు, ఉండకపోవచ్చు అన్న విషయం గురించి తీరికగా చెప్పవచ్చు. ఆ వివరణను పరిచయంలోనే పెట్టేయకు. జవాబు ముందే వినిపిస్తే హోస్ట్ ఆ ప్రశ్న అడగరు, ఎపిసోడ్‌కు అసలైన ముక్క చేజారిపోతుంది. చివరి వాక్యం మీద నేను ఎక్కువసేపు ఆలోచించాను. ‘సూటి సమాధానం చెబుతారు’ అని రాస్తే శ్రోత ఒకే మాట ఆశిస్తాడు, నీవు ఊరికో తీరని చెప్పేసరికి తప్పించుకుంటున్నావనుకుంటాడు. రెండు చెరువులు, రెండు జవాబులు అని ముందే చెబితే ఆ తేడా ఎక్కడుందో వినడానికి కూర్చుంటాడు.

నీ పిహెచ్.డి. ఎక్కడ పోయిందని అడుగుతావని తెలుసు. ‘పరిశోధకురాలు’ అన్న మాటలో ఉంది, ఎపిసోడ్ కింద పెట్టే రాతలో విశ్వవిద్యాలయం పేరుతో సహా ఇవ్వవచ్చు. పైకి చదివే పరిచయంలో మాత్రం దానికి చోటివ్వకు. తెలుగును తీరికగా చదివితే నిమిషానికి వంద మాటలకు అటూ ఇటూగా వెళుతుంది. పైన రాసినది ముప్పావు నిమిషంలోపు అయిపోతుంది. అంతకు మించితే హోస్ట్ తనకు తోచిన చోట కోసేస్తారు. వారు కోసేది సాధారణంగా చివరి వాక్యాలను, అంటే నీవు అంశానికి దగ్గరగా రాసినవాటినే.

‘ప్రముఖ’, ‘విశిష్ట’ వంటి విశేషణాలు ఎందుకు వద్దో నీకు చెప్పనక్కరలేదు. వాటికంటే ఎక్కువ నష్టం చేసేది, ఉన్న పనికంటే వెడల్పైన బిరుదు. ఒకసారి పత్తిలో గులాబీరంగు పురుగు మీద ఏళ్ల తరబడి పనిచేసిన ఒక పెద్దమనిషి తన పరిచయంలో వ్యవసాయ నిపుణుడని మాత్రమే రాసి పంపారు. హోస్ట్ దాన్నే నమ్మి వరి మద్దతు ధర గురించి, రుణమాఫీ గురించి ప్రశ్నలు సిద్ధం చేసుకున్నారు. ఆయన మర్యాదకు ఏవో జవాబులు చెప్పారు. ఆ పురుగును పట్టే లింగాకర్షక బుట్టల గురించి ఆయన మాత్రమే చెప్పగలిగినది చివరి ఐదు నిమిషాల్లోకి కుదించుకుపోయింది. నీ చిత్తుప్రతిలో ఉన్న ‘నీటి రంగ నిపుణురాలు’ అన్న మాట చూస్తే నాకు అదే భయం. ఆ మాట ఉంటే కృష్ణా జలాల పంపకం నుంచి కాళేశ్వరం దాకా అన్నీ నిన్నే అడుగుతారు.

అందుకే పరిచయం కింద, ‘ఇది చదవడానికి కాదు, మీకోసం’ అని స్పష్టంగా రాసి, హోస్ట్‌కు విడిగా నాలుగు వాక్యాలు ఇవ్వు. నీవు ఏ విషయాలు వివరంగా చెప్పగలవో, ఎక్కడ ఆగుతావో అందులో ఉండాలి. ఉదాహరణకు, 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద పూడిక తీసిన చెరువు ఒకటి నీ అధ్యయనంలో ఉంది కనుక దాని ప్రస్తావన తప్పకుండా వస్తుంది. ‘ఆ ఒక్క చెరువు కింద కొలిచినది చెప్పగలను, పథకం మొత్తం మీద తీర్పు చెప్పేంత కొలత నా దగ్గర లేదు’ అని ముందే రాస్తే హోస్ట్ ప్రశ్నను దానికి తగ్గట్టు మలుచుకుంటారు. మీ కార్యాలయం అనుమతి లేకుండా చెప్పకూడనివి ఏమైనా ఉంటే అవీ ఇక్కడే చెప్పు. రికార్డింగు నడుస్తుండగా ‘ఇది వద్దండీ’ అనడం ఇద్దరికీ ఇబ్బంది.

పేర్ల విషయంలో జాగ్రత్త అవసరం. ఊళ్లు, చెరువుల పేర్లు తప్పనిసరిగా తెలుగు లిపిలోనే ఇవ్వు. ఖమ్మం జిల్లాలోని పాలేరును ఇంగ్లీషులో Palair అని రాస్తారు. ఆ ప్రాంతం తెలియని హోస్ట్ దాన్ని పాలైర్ అని చదివితే తప్పు వారిది కాదు. నీ ఇంటిపేరు ముందు పలకాలా, పొడి అక్షరాలు వదిలేయాలా అన్నది కూడా ఒక వాక్యంలో చెప్పు. అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలు పంపకు. అది వారి ఫోనులో అర్థంలేని గుర్తులుగా కనబడుతుంది. యూనికోడ్‌లో టైపు చేసి, అటాచ్‌మెంట్ కాకుండా మెయిల్‌లోనే పెట్టు. ‘ప్రస్తుతం’, ‘ఇటీవల’, ‘గత ఏడాది’ అన్న మాటలు తీసేసి సంవత్సరం వేయి. ఎపిసోడ్‌ను మూడేళ్ల తరువాత వినేవారూ ఉంటారు.

రేపు ఇంకెవరైనా వేరే అంశానికి పిలిస్తే ఇదే పరిచయాన్ని పంపకు. పొలాల్లో పరిశోధన చేసే ఆడపిల్లల గురించిన ఎపిసోడ్ అనుకుందాం. అప్పుడు నీటిమట్టం కొలిచావన్న వాక్యం ఉండాలి గాని, దాని తరువాత రాళ్ల సంగతి రాకూడదు. మోటార్లు వేస్తే మట్టం దిగిపోతుంది కనుక అవి వేయకముందే కొలవాలి, అందుకు తెల్లవారుజామున ఒంటరిగా టేపు పట్టుకుని పొలాల వెంట వెళ్లావు, బావి దగ్గర రైతులు మొదట ఏమన్నారు, తరువాత ఎలా మారారు అన్నది రావాలి. పని ఒక్కటే, శ్రోత వినడానికి వచ్చిన వైపు వేరు.

పంపేముందు పైకి చదివి ఫోనులో రికార్డు చేసుకుని విను. ఊపిరి అందని చోట వాక్యాన్ని రెండు చెయ్యి. తరువాత నీ పని గురించి ఏమీ తెలియని వారికి ఎవరికైనా ఇచ్చి, ఈమెను మీరేమి అడుగుతారని మూడు ప్రశ్నలు రాయించు. మీ పక్కింటివారైనా చాలు. ఆ మూడింటిలో రెండు బోర్ల గురించో చెరువు గురించో ఉంటే పంపేయి. ‘ఎక్కడ చదివారు, ఈ రంగంలోకి ఎలా వచ్చారు’ అని అడిగారంటే మళ్లీ రాయాలి.

రికార్డింగుకు వారం ముందు వారికి అందేలా చూడు. హోస్ట్ తమ పద్ధతిలో మార్చి, ఒకసారి చూడమని నీకు తిప్పి పంపవచ్చు. అప్పుడు పేర్లు, సంవత్సరాలు, నీవు చేసిన పని హద్దులు మాత్రమే సరిచూడు. వాక్యాల తీరు వారికి వదిలెయ్యి, ఎందుకంటే అవి వారి గొంతులో పలకాలి.

కొత్త ప్రతి తయారుకాగానే నాకు పంపు. బావగారికి, అక్కకు నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
మీ మామయ్య