టెక్ సందేహాలు: నీళ్ళ క్యాన్లకు ఎలక్ట్రిక్ ఆటో, మొగిలి ఘాట్‌కు ఎలక్ట్రిక్ వ్యాన్

తిరుపతి మంగళంలో మాకు వాటర్ ప్లాంట్ ఉంది. పాత డీజిల్ ఆటోలో ట్రిప్పుకు 40 క్యాన్ల చొప్పున రోజుకు మూడు ట్రిప్పులు లీలామహల్, కొర్లగుంట, బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలకు, షాపులకు వేస్తాం. రోజుకు 60 కిలోమీటర్లు, రెండున్నర లీటర్ల డీజిల్ అవుతుంది. ఇంజిన్ పని అయిపోయింది, బండి మార్చాలి. డీలర్ ఎలక్ట్రిక్ ఆటో 4 లక్షలు, కొత్త డీజిల్ 2.90 లక్షలు అంటున్నాడు. ఒక ఛార్జ్‌కు 150 కి.మీ. రేంజ్ అంటే నమ్మొచ్చా? పెట్టిన డబ్బు ఎప్పటికి తిరిగొస్తుంది?

ముందు రేంజ్ పక్కన పెట్టి బరువు చూడండి. 20 లీటర్ల నీళ్ళంటే 20 కిలోలు, క్యాన్ బరువు కలిపితే 21 అనుకోవచ్చు. 40 క్యాన్లంటే 840 కిలోలు. ఎలక్ట్రిక్ మూడు చక్రాల బండ్లలో చిన్న బ్యాటరీవి 500 నుంచి 550 కిలోలు మోస్తాయి, పెద్ద బ్యాటరీవి 650 నుంచి 700 దాకా మోస్తాయి. మీ డీజిల్ బండి ఇన్నాళ్ళూ ఓవర్‌లోడ్‌తోనే తిరిగింది. దానికి క్లచ్, ఇంజిన్ రూపంలో మూల్యం చెల్లించారు. ఎలక్ట్రిక్ బండి మీద అంత లోడు వేస్తే మోటారు, దానికి కరెంటు అందించే కంట్రోలర్ వేడెక్కుతాయి. వేడి హద్దు దాటగానే కంట్రోలర్ తనంతట తానే పవర్ తగ్గించేస్తుంది. రైల్వే బ్రిడ్జి ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినా బండి పాకుతోందంటే అదే జరుగుతోందన్నమాట. రోజూ అలా నడిపితే, బ్యాటరీ వారంటీ అడగడానికి వెళ్ళిన రోజు కంపెనీ బండిలో నమోదైన డేటా తీసి చూపిస్తుంది.

కాబట్టి ట్రిప్పుకు 30 క్యాన్లు, అంటే 630 కిలోలు పెట్టుకోండి. 120 క్యాన్లకు అప్పుడు నాలుగు ట్రిప్పులు పడతాయి, రోజుకు 60 కాస్తా 80 కిలోమీటర్లు అవుతుంది. డీలర్లు చెప్పే లెక్కలో ఈ నాలుగో ట్రిప్పు ఎప్పుడూ ఉండదు. దానికి డ్రైవరుకు పట్టే గంట, గంటన్నర సమయం కూడా మీరే చూసుకోవాలి. చిన్న బ్యాటరీ మోడల్ తీసుకుంటే ట్రిప్పుకు 24 క్యాన్లే పడతాయి, ఐదు ట్రిప్పులు, 100 కిలోమీటర్లు. అది మీకు పనికిరాదు. మీరు చూడాల్సింది 10 నుంచి 13 యూనిట్ల బ్యాటరీ ఉన్నవే. స్పెసిఫికేషన్ కాగితంలో kWh అని రాసి ఉంటుంది. మన కరెంటు మీటరులో ఒక యూనిట్ అంటే అదే.

ఇక 150 సంగతి. అది టెస్టింగ్ సంస్థ ముందుగా నిర్ణయించిన ఒక పద్ధతిలో నడిపి చూసిన అంకె. అబద్ధం కాదు, కానీ ఆ పరీక్షలో లాడ్జి ముందు ఆగి ఆరు క్యాన్లు దించి, మళ్ళీ కదిలి, మళ్ళీ ఆగడం ఉండదు. బరువుతో ఊళ్ళో తిరిగే కార్గో ఆటో యూనిట్‌కు 9 కిలోమీటర్లు ఇస్తుందనుకుని లెక్క వేసుకోండి. 12 యూనిట్ల బ్యాటరీ అయితే కొత్తలో 108 కిలోమీటర్లు వస్తుంది. పూర్తిగా ఖాళీ చేయకూడదు కాబట్టి 15 శాతం మిగిలిస్తే 92. మూడు నాలుగేళ్ళు వాడాక బ్యాటరీ సత్తా 80 శాతానికి దిగితే అదే బండి 73 కిలోమీటర్లే నడుస్తుంది. అంటే మీ 80 కిలోమీటర్లకు కొత్తలో సరిపోయి, అప్పు తీరే సమయానికి సరిపోకుండా పోతుంది.

అయినా మీకు ఎలక్ట్రిక్ బండే సరైనది అంటాను. కారణం రేంజ్ కాదు, మీ రూటు తీరు. మీ బండి రోజుకు నాలుగుసార్లు ప్లాంటుకే తిరిగొస్తుంది. 16 యాంపుల ప్లగ్గు మీద నడిచే మామూలు ఛార్జర్ గంటలో రెండున్నర యూనిట్లు ఎక్కిస్తుంది. మధ్యాహ్నం భోజనం, క్యాన్లు నింపుకోవడం కలిపి ఒక గంట ప్లగ్గుకు ఉంచితే ఇంకో 22 కిలోమీటర్లు చేతికొస్తాయి. ఇలా తిరిగి తిరిగి ఒకే చోటికి వచ్చే బండికి పెద్ద బ్యాటరీ కన్నా, లోడింగ్ చోటే ఉన్న ప్లగ్గు ఎక్కువ మేలు చేస్తుంది. ఇదే లోడు ఉదయం బయలుదేరి శ్రీకాళహస్తి దాకా వెళ్ళి సాయంత్రం తిరిగి రావాల్సిందైతే వద్దనే చెప్పేవాణ్ణి.

డబ్బు లెక్క ఇది. డీజిల్ రోజుకు రెండున్నర లీటర్లు, సుమారు 250 రూపాయలు. ఎలక్ట్రిక్ 80 కిలోమీటర్లకు బ్యాటరీ నుంచి 9 యూనిట్లు, ఛార్జింగ్‌లో పోయేది కలిపి మీటరు మీద 10 పైచిలుకు. యూనిట్ 9 రూపాయలు వేసుకుంటే 90. రోజుకు 160 మిగులు, నెలకు 26 రోజులకు 4,160. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, క్లచ్ ఖర్చు తప్పినందుకు ఇంకో 700 కలిపితే నెలకు దాదాపు 4,850. ధర తేడా లక్షా పది వేలు. కానీ అక్కడితో ఆగకండి. ఎలక్ట్రిక్ ఆటోలకు ఫైనాన్స్ కంపెనీలు తరచు ఎక్కువ వడ్డీ వేస్తాయి, అప్పు మొత్తం కూడా పెద్దది. మూడేళ్ళ అప్పుకు వడ్డీ తేడా 30 వేలు అనుకుందాం. మొత్తం లక్షా నలభై వేలు, అది తిరిగి రావడానికి 29 నెలలు. మీరు రోజుకు సగం క్యాన్లే వేసే పనైతే ఇదే లెక్క 58 నెలలకు పోతుంది. అప్పటికి బ్యాటరీ వారంటీ ఇంకా ఉంటుందో లేదో కాగితం చూసుకోవాలి. మీ పాత బండి ఇంకా బాగా నడుస్తుంటే ధర తేడాతో కాదు, మొత్తం 4 లక్షలతో లెక్క వేయాల్సి వచ్చేది. అప్పుడు ఈ ఏడాది మార్చొద్దనేవాణ్ణి.

వాటర్ ప్లాంటు కాబట్టి ఛార్జింగ్ విషయంలో నాకు నిజంగా భయం ఉన్నది ఒక్కటే, తడి నేల. ప్లగ్గు పాయింటు నడుము ఎత్తులో, నీళ్ళు చిమ్మని గోడకు పెట్టించండి. దానికి లోడు ఎక్కువైతే ఆపేసే విడి ఎంసీబీ, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ, మెయిన్ బోర్డు నుంచి 4 చదరపు మి.మీ. రాగి వైరు, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఇది గంటల తరబడి ఆగకుండా కరెంటు లాగే లోడు, గీజరులా పది నిమిషాలది కాదు. మొదటి వారం అరగంట ఛార్జింగ్ అయ్యాక ప్లగ్గు పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, సాకెట్ రంధ్రాల దగ్గర గోధుమ రంగు తిరిగినా వెంటనే మార్పించండి. ఆర్‌ఓ మోటారు నడుస్తుండగా ఛార్జర్ ఆగి ఆగి పనిచేస్తే వోల్టేజ్ పడిపోతోందని అర్థం. 3 కిలోవాట్ల లోడు అదనంగా చేరుతుంది కనుక ఏపీఎస్పీడీసీఎల్ ఆఫీసులో అదనపు లోడుకు రాయించుకోండి. ఎలక్ట్రిక్ వాహనాల ఛార్జింగ్‌కు విడి కేటగిరీ ఉంది, ఆ మీటరు తీసుకుంటే ఎంత పడుతుందో కూడా అక్కడే అడగండి. మే నెల మధ్యాహ్నం తిరుపతి ఎండలో తిరిగొచ్చిన బండిని నీడలో పావుగంటైనా చల్లారనిచ్చి అప్పుడు ప్లగ్గు పెట్టండి.

సంతకం పెట్టే ముందు డీలర్ దగ్గర రెండు రోజులు ట్రయల్ బండి అడగండి. రాత్రి నూరు శాతం ఛార్జ్ చేసి, మీ క్యాన్లు, మీ డ్రైవరు, మీ రూటుతో తిప్పండి. సాయంత్రం మళ్ళీ నూరుకు ఎక్కించేటప్పుడు సబ్‌మీటరులో ఎన్ని యూనిట్లు అయ్యాయో రాసుకుని, తిరిగిన కిలోమీటర్లను ఆ యూనిట్లతో భాగించండి. మీటరు మీద యూనిట్‌కు 8 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే నేను చెప్పిన లెక్క మీకు వర్తిస్తుంది. 6 వస్తే టైర్లలో గాలి, లోడు, డ్రైవరు నడిపే తీరు చూసి మళ్ళీ ఒకసారి తిప్పి, అప్పుడు నిర్ణయించుకోండి. ట్రయల్ ఇవ్వననే డీలర్ దగ్గర కొనకండి.

చిత్తూరులో మాది బేకరీ. రోజూ తెల్లవారుజామున బంగారుపాళ్యం మీదుగా పలమనేరు దాకా బ్రెడ్డు, బన్నులు వేస్తాం. రానూపోనూ 90 కి.మీ. లోడు 400 కిలోలు దాటదు. మొగిలి ఘాట్ ఎలక్ట్రిక్ బండి ఎక్కుతుందా? ఆటో చాలా, వ్యాన్ కావాలా?

వ్యాన్. ఆటో ఘాట్ ఎక్కలేదని కాదు. బెంగళూరు రోడ్డు మీద చీకట్లో 45, 50 వేగంతో పోయే మూడు చక్రాల బండి వెనక కంటైనర్ లారీలు వస్తుంటాయి. మీ డ్రైవరును ఆ టెన్షన్‌లో పెట్టకండి.

ఘాట్ గురించి మీరు అనుకున్నంత భయం అక్కర్లేదు. చిత్తూరు కన్నా పలమనేరు సుమారు 350 మీటర్లు ఎత్తులో ఉంది. లోడుతో కలిపి రెండు టన్నుల బండిని అంత ఎత్తుకు తీసుకెళ్ళడానికి రెండు యూనిట్ల పైన కొద్దిగా పడుతుంది. రేంజ్‌లో చెప్పాలంటే 15 కిలోమీటర్లు. తిరుగు ప్రయాణంలో దిగుతూ అందులో కొంత బ్యాటరీకి తిరిగొస్తుంది. అప్పటికి బ్యాటరీ సగం ఖాళీగా ఉంటుంది కాబట్టి తీసుకోగలదు. పలమనేరులో ఉండి నిండు ఛార్జ్‌తో కిందికి దిగేవాళ్ళకు ఆ లాభం రాదు, నిండిన బ్యాటరీలో చోటుండదు. బ్రేకుల మీదే దిగాలి.

మీ రేంజ్‌ను అసలు తినేది వేగం. హైవే మీద 50కి, 70కి మధ్య గాలి తట్టుకోవడానికి కిలోమీటరుకు పట్టే కరెంటు దాదాపు రెట్టింపు. పైగా బ్రెడ్డు బండికి ఎత్తయిన బాడీ ఉంటుంది. అందుకని యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్లే వేసుకోండి. టాటా ఏస్ ప్రో ఈవీలో బ్యాటరీ 14.4 యూనిట్లు, అది 94 కిలోమీటర్లకు సరి. ఘాట్‌కు 15 తీసేస్తే మీ రూటు పూర్తికాదు. ఏస్ ఈవీ మాదిరి 21.3 యూనిట్ల బండి అయితే 138, ఘాట్ తీసేస్తే 123, మిగులు 15 శాతం ఉంచినా 100 దాటుతుంది. కొత్తలో సరిపోతుంది. నాలుగేళ్ళ తర్వాత సరిపోదు కాబట్టి, పలమనేరులో మీ సరుకు దించే షాపుల్లో ఒకరి దగ్గర 16 యాంపుల ప్లగ్గుకు ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. గంట సేపు దొరికినా ఇంటికి చేరడానికి ఢోకా ఉండదు.

డీజిల్ వ్యాన్ లీటరుకు 18 ఇస్తే మీకు రోజుకు 5 లీటర్లు, 490 రూపాయల దాకా. ఎలక్ట్రిక్‌కు 16, 17 యూనిట్లు, 150. రోజుకు 340 మిగులుతుంది. బేకరీకి సెలవు లేదు కాబట్టి నెలకు పదివేలు. రెండు బండ్ల ధరలో ప్రతి లక్ష తేడాకు పది నెలలు లెక్క వేసుకుంటే చాలు. ట్రయల్ తిప్పేటప్పుడు పలమనేరు చేరగానే డిస్‌ప్లేలో ఛార్జ్ శాతం రాసుకోండి. 50కి తగ్గకుండా ఉంటే ఆ బండి మీ రూటుకు పనికొస్తుంది. 40 చూపిస్తే మర్నాడు వేగం 55కి తగ్గించి మళ్ళీ చూడండి.