జీతం తగ్గిస్తే సంతకం పెట్టకుండా, ఉద్యోగం మానకుండా

ప్రశ్న: మా అబ్బాయి 2023 ఆగస్టు నుంచి బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డెవలపర్. నెలకు 62 వేలు. జూలై నుంచి అందరికీ 20 శాతం కోత అని జూన్ 27న హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. వీణ్ణి అడిగిందీ లేదు, వీడు ఒప్పుకున్నదీ లేదు. లోన్ ఉంది కాబట్టి ఉద్యోగం మానలేడు. ఏమీ అనకుండా పనిచేసుకుంటూ పోతే నష్టమా? – ఒక తండ్రి, అనంతపురం

జవాబు: నష్టమేనండీ, అదీ నెలనెలా పెరిగే నష్టం. ఆఫర్ లెటర్ ఒక ఒప్పందం. కాంట్రాక్టు చట్టం ప్రకారం దాన్ని మార్చాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. కానీ ఒప్పుకోవడమంటే సంతకమే కానక్కర్లేదు. తగ్గించిన జీతం ఐదారు నెలలు మాట్లాడకుండా తీసుకుంటే, తన ప్రవర్తనతోనే అంగీకరించాడని కంపెనీ వాదించొచ్చు. అబ్బాయి రాయాల్సిన ఉత్తరం ఆ వాదనకు అడ్డుకట్ట. వీలైతే కోత పడిన మొదటి జీతం ఖాతాలోకి రాకముందే పంపాలి. ఇప్పటికే వచ్చేసి ఉంటే ఈ వారంలోనే పంపాలి.

ముందు ఆఫర్ లెటర్ మళ్లీ చదవమనండి. జీతాన్ని సవరించే అధికారం కంపెనీకి ఉందనే షరతు కనిపిస్తే వాదన కొంత బలహీనపడుతుంది, అయినా ఉత్తరం రాయాల్సిందే. కోత పడింది పనితీరును బట్టి మారే వేరియబుల్ పేలోనా, స్థిర జీతంలోనా అన్నది కూడా చూడాలి. వేరియబుల్ అయితే దాని షరతులే వేరు.

ఉత్తరం అరపేజీ మించకూడదు. ఇంగ్లిష్‌లోనే పంపాలి, సారాంశం మాత్రం ఇది:

"నా ఆఫర్ లెటర్, తర్వాతి ఇంక్రిమెంట్ లెటర్ ప్రకారం నా నెల జీతం 62,000 రూపాయలు. జూన్ 27 నాటి మీ మెయిల్‌లో దాన్ని 49,600కు తగ్గిస్తున్నట్లు తెలిపారు. ఈ మార్పుకు నేను అంగీకరించలేదు, అంగీకరించడం లేదు. నా పని యథావిధిగా కొనసాగిస్తాను. తగ్గించిన మొత్తాన్ని నిరసనతో, నా హక్కులేవీ వదులుకోకుండా మాత్రమే తీసుకుంటున్నాను. పనిచేయడాన్ని గానీ, జీతం తీసుకోవడాన్ని గానీ సమ్మతిగా భావించవద్దు. పాత జీతాన్ని పునరుద్ధరించి, తేడా 12,400 రూపాయలు చెల్లించాలి. పది రోజుల్లో రాతపూర్వక జవాబు ఇవ్వగలరు."

ఇంగ్లిష్‌లో 'అండర్ ప్రొటెస్ట్', 'వితౌట్ ప్రెజుడిస్ టు మై రైట్స్' అన్న మాటలు తప్పకుండా ఉండాలి. ఉత్తరం ప్రాణం వాటిలోనే ఉంది. చాలామంది మర్యాద కోసం "కంపెనీ ఇబ్బందులు అర్థం చేసుకోగలను, దయచేసి పునరాలోచించండి" అని రాస్తారు. అది విన్నపం అవుతుంది గానీ అభ్యంతరం కాదు. "లేకపోతే రాజీనామా చేస్తాను" అని కూడా రాయకూడదు. దాన్నే రాజీనామాగా తీసుకునే ప్రమాదం ఉంది.

హెచ్‌ఆర్‌కు, మేనేజర్‌కు మెయిల్ చేసి, అదే కాపీని సంతకంతో కంపెనీ రిజిస్టర్డ్ చిరునామాకు స్పీడ్ పోస్ట్‌లో పంపమనండి. రసీదు, డెలివరీ వివరం ప్రింటు తీసి ఇంట్లో దాచాలి. ఆఫీసు మెయిల్ ఏ రోజైనా మూసేయొచ్చు. తన ఆఫర్ లెటర్, పేస్లిప్పులు ఇప్పుడే దించుకోవాలి. క్లయింటు కాగితాల జోలికి మాత్రం పోకూడదు, అది కంపెనీ చేతికి సాకు ఇచ్చినట్టవుతుంది.

ఉత్తరం పంపాక కూడా జాగ్రత్త అవసరం. చాలామంది హక్కు పోగొట్టుకునేది కంపెనీ పోర్టల్‌లోనే. సవరించిన జీతం వివరం చూపించి కింద 'ఐ యాక్సెప్ట్' బటన్ పెడతారు. అది నొక్కితే ఉత్తరం విలువ చాలావరకు పోతుంది. కాగితమే ఇస్తే "అందింది, అంగీకారం లేదు" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. ప్రతి నెలా పేస్లిప్ రాగానే "జూలై నాటి నా అభ్యంతరం కొనసాగుతోంది" అని ఒక్క లైను మెయిల్ చాలు. డిసెంబరు జీతం దాకా తేడా 74,400 అవుతుంది. ఆ లెక్క కూడా అందులో వేస్తుండాలి. వచ్చే ఏడాది ఇంక్రిమెంట్ లెటర్‌లో 49,600నే 'ప్రస్తుత జీతం' అని చూపిస్తే, దాని మీద కూడా అదే అభ్యంతరం రాయకుండా సంతకం పెట్టకూడదు.

చట్టంలో ఇంకో ఆసరా ఉంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, 'వర్కర్' నిర్వచనంలోకి వచ్చే ఉద్యోగి జీతం మార్చాలంటే ముందుగా 21 రోజుల నోటీసు ఇవ్వాలి. ఇక్కడ మెయిల్‌కూ కోతకూ మధ్య మిగిలింది మూడు రోజులే. ప్రోగ్రామ్‌లు రాసే డెవలపర్ వర్కరా కాదా అన్నది హోదా పేరును బట్టి కాక చేసే పనిని బట్టి తేలుతుంది. కింద మనుషుల్ని పెట్టుకుని పని పంచుతుంటే వర్కర్ అనిపించుకోవడం కష్టం. వర్కర్ అయితే బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవన్‌లో లేబర్ అధికారిని కలవొచ్చు, కాకపోతే లాయర్ నోటీసు, సివిల్ కోర్టు. బాకీ జీతం కోసం దావాకు గడువు సాధారణంగా మూడేళ్లు.

ఈ ఉత్తరం ఉద్యోగాన్ని కాపాడదు. ఆఫర్ లెటర్‌లోని నోటీసు ఇచ్చి తీసేయడానికి కంపెనీ ప్రయత్నించొచ్చు. అప్పుడైనా, తనంతట తాను మానేసినా, ఫైనల్ సెటిల్‌మెంట్ 62,000 మీద లెక్కకట్టమని అడగాలి. ఆ రోజు చేతికిచ్చే కాగితంలో "నాకు రావాల్సిన బాకీ ఏమీ లేదు" అన్న లైను ఉంటుంది. తేడా అందకుండా దాని కింద సంతకం పెడితే అన్ని నెలలు రాసిన మెయిళ్లూ వృథా.