ముప్పైరెండు మంది, ఆరు కారణాలు

ఒంగోలు

నాయనా,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. చివరి పేజీలో వేసిన పట్టిక చూశాకే చిరాకేసింది. ముప్పైరెండు మందితో మాట్లాడి, వాళ్లు మతం ఎందుకు మారారో ఆరు గడుల్లో కూర్చావు: రోగం పదకొండు, కుటుంబం తొమ్మిది, కరువు అయిదు, అలా. నువ్వు అడిగిన ప్రశ్న ‘ఎందుకు మారారు?’ అన్నది. ఆ ప్రశ్నకు మన పల్లెల్లో ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్న జవాబు ఒకటుంది. దాన్ని సాక్ష్యం అంటారు. ఆదివారం మందిరంలో నలుగురి ముందు నిలబడి చెప్పేది. అందులో మొదట కష్టం, తర్వాత ప్రార్థన, ఆపైన స్వస్థత, చివర బాప్తిస్మం వస్తాయి. నీ పదకొండు రోగాలు ఆ వరుసలోవే.

కందుకూరు వైపు ఒక పల్లెలో ఒక ముసలమ్మతో నేను మూడుసార్లు మాట్లాడాను. మొదటిసారి ఆరాధన అయ్యాక, పాస్టరుగారి పక్కన. “నా కొడుక్కి జొరం. ఎక్కడ తిప్పినా తగ్గలా. అయ్యగారు ప్రార్థన చేస్తే తగ్గింది. అప్పుడు బాప్తిస్మం తీసుకున్నా” అంది. రాసుకొని వచ్చేశాను. రెండోసారి పొగాకు గ్రేడింగ్ దగ్గర, ఒంటరిగా దొరికింది. ఈసారి ఎందుకని అడగలేదు. బాప్తిస్మం రోజున ఏం చీర కట్టావు, ఎవరెవరు వచ్చారు, ఇంటికొచ్చి ఏం వండారు అని అడిగాను. పెళ్లయిన ఆరు నెలలకే చెరువులో ముంచారట. అత్తగారింట్లో అందరూ తీసుకున్నాక తనొక్కతే ఎట్టా మిగిలేది అంది. కొడుకు ఎప్పుడు పుట్టాడంటే, “తుఫానుకు వాడు కడుపులో ఉన్నాడు” అంది. అది 1979 మే తుఫాను. చెరువులో మునిగింది దానికి రెండేళ్లు ముందు.

అంటే ఏ పిల్లాడి జ్వరం వల్ల మారిందో ఆ పిల్లాడు అప్పటికి పుట్టనే లేదు!

ఆవిడ అబద్ధమాడిందని తేల్చేసి ఉంటే నా పని అక్కడితో చెడేది. మూడోసారి వెళ్లి, మరి ఆ జొరం సంగతేమిటమ్మా అన్నాను. “నీళ్లల్లో మునిగింది ఒకటి, నమ్మింది ఒకటి. జొరమప్పుడే గదా నేను నమ్మింది” అంది. ఆవిడ లెక్కలో అసలు మార్పు జ్వరం రోజున. చెరువు సంగతి అత్తగారిది. చెప్పేటప్పుడు రెండూ ఒక్క రోజయ్యాయి. ఇప్పుడు చెప్పు, ఈమెను ఏ గడిలో వేస్తావు?

తేదీలు పట్టుకోవడానికి స్కూలు సర్టిఫికెట్ చూస్తానన్నావు. చూడు గానీ నమ్మకు. చేర్చుకునేటప్పుడు అయ్యవారు అంచనాగా వేసిన పుట్టినరోజులు బోలెడు. తుఫాను, పెళ్లి, కాన్పు, వీటికి ముందా వెనకా అని అడగడం మేలు. మందిరం రిజిస్టరు దొరికితే ఇంకా మంచిది. అందులో మునిగిన రోజే ఉంటుంది, నమ్మిన రోజు ఉండదు.

కరువు గడి మరీ అన్యాయం. 1878లో ఆకలికి తట్టుకోలేక ఒక్కరోజే 2,222 మంది మారారని రాశావు. కరువు 1876లో మొదలైంది. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టుకు తీసుకొని జనానికి కూలి ఇప్పించిన అమెరికన్ మిషనరీ క్లౌదొర, సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. కూటి కోసం వచ్చారనే మాట రాకూడదని. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఆ 2,222 మంది నీళ్లల్లోకి దిగింది జూలై 3న, ఆపిన బాప్తిస్మాలు మళ్లీ మొదలయ్యాక. కరువుకు ముందే క్రైస్తవుడైన యర్రగుంట్ల పేరయ్య ఊళ్లు తిరిగి క్రీస్తు సంగతి చెప్పడం 1866 నుంచే ఉంది. అయితే ఇవన్నీ మిషను వాళ్లు రాసుకున్న లెక్కలు. దిగినవాళ్లు రాసింది మనకు లేదు. చాలా ఏళ్ల కిందట ఇదే రాస్తే ఒక వారపత్రిక ఎడిటరు ‘గంజి బాప్తిస్మాలు’ అని హెడ్డింగు పెట్టి, బాప్తిస్మాలు ఆపిన సంగతి ఉన్న పేరా కొట్టేశాడు. ఆయన పేరు వింటే నాకు ఇప్పటికీ బీపీ పెరుగుతుంది.

ఇక ‘మారనివాళ్లు’ అని రాసిన నలుగురి సంగతి. కాగితం, పెన్ను పట్టుకొని వెళ్లి మతం అడిగావు, హిందువులం అన్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో బీసీ-సీలోకి వెళ్తారు. ఇంట్లో కొడుకు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి ఉంటే, ఏ తల్లి నీకు వేరే మాట చెబుతుంది? వాళ్ల గోడ మీద యేసు పటం ఉందని నువ్వే రాశావు, పేర్లూ ఊళ్లతో సహా! అచ్చయితే రేపు ఎవరో దాన్ని పట్టుకెళ్లి కలెక్టరాఫీసులో ఇస్తారు.

ఏ పత్రికకు పంపాలన్న సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ నలుగురి పేర్లు, ఊళ్లు కొట్టెయ్. పదకొండు మంది రోగాలవాళ్ల దగ్గరికి ఇంకోసారి వెళ్లు, ఆదివారం కాకుండా. ఆ రోజు ఇంట్లో ఏం వండారో అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి పంపు.

మీ పెద్దాయన